సాయంత్రం ఏడింటి లెక్క: ఒక ప్రసంగానికి పీఠిక రాసిన మూడు వారాలు

ఆగస్టు 3, ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. 24వ తేదీన వాక్యం నేనే చెప్పాలన్నారు. వాక్యభాగం కూడా ఆయనే ఇచ్చారు. మత్తయి సువార్త ఆరవ అధ్యాయం, 25వ వచనం నుంచి 34 వరకు. "ఏమి తిందుమో యేమి త్రాగుదుమో" అని మొదలై "ఏనాటికీడు ఆనాటికి చాలును" అని ముగిసే భాగం. "మన సంఘంలో సగం మంది కొట్లవాళ్ళు, బండ్లవాళ్ళు. వాళ్ళ చింతతో మొదలుపెట్టి ఈ మాటల దగ్గరికి తీసుకురా" అన్నారు.

మాది విశాఖపట్నం కంచరపాలెంలో చిన్న సంఘం. ఆదివారం డెబ్బై మంది వరకు వస్తారు. నేను డాబాగార్డెన్స్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తాను. అంతకుముందు నాలుగైదు సార్లు వాక్యం చెప్పాను కాని, పీఠిక కోసం విడిగా కూర్చున్నది ఎప్పుడూ లేదు. ఒక చిన్న కథ, తర్వాత ప్రార్థన, తర్వాత వాక్యం. అంతే నాకు తెలిసింది. ముప్పై అయిదు నిమిషాల ప్రసంగంలో నాలుగు నిమిషాల పీఠికకు మూడు వారాలు పడుతుందని ఎవరైనా చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

సోమ, మంగళవారాల్లో మొదటిది రాశాను. మా వీధి చివర కిరాణా కొట్టు అన్నయ్య మా సంఘస్థుడే. ఆయన ఖాతా పుస్తకం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పొడుగాటి పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట, ఇంటికొక పేజీ. నెల మొదట్లో తీరుస్తామన్నవాళ్ళు తీర్చరు, సరుకు వేసినవాళ్ళు మాత్రం ఆగరు. కొట్టువాళ్ళ చింత అంటే ఇదే కదా అనుకున్నాను. అయిదు పేజీలు రాశాను. చదివి చూస్తే పదకొండు నిమిషాలు పట్టింది. ఎంత బాగా రాశానో అనిపించింది కూడా.

బుధవారం రాత్రి అమ్మకు చదివి వినిపించాను. వాక్యభాగం ఏదో చెప్పలేదు. పీఠిక మాత్రమే చదివి, దీని తర్వాత బైబిల్లో ఏ భాగం తీయమంటానో చెప్పమని అడిగాను. ఆవిడ ఆలోచించను కూడా లేదు. "పదివేల తలాంతులు అచ్చియున్నవాడి ఉపమానం కదా" అంది. అది మత్తయి పద్దెనిమిదో అధ్యాయం. నాది కాదని చెబితే, "అయితే పరలోక ప్రార్థనలో 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము' అన్న మాటా?" అంది. అదైతే ఆరో అధ్యాయమే, పన్నెండో వచనం. కాని నేను చెప్పాల్సిన భాగం కాదు. ఆవిడ తప్పేమీ లేదు. నేను అప్పు గురించి రాసి చింత గురించి రాశాననుకున్నాను. ఆ పీఠిక విన్న మనిషి బాకీల గురించి, క్షమాపణ గురించి వినడానికి సిద్ధమవుతాడు. అక్కడ "ఆకాశపక్షులను చూడుడి" అని చదివితే వాక్యం ఒక దారిలో, వినేవాడి మనసు ఇంకో దారిలో పోతాయి.

అమ్మ ఇంకొక మాట కూడా అంది, అది నాకు అసలు తట్టలేదు. "ఆ పుస్తకంలో పేజీ ఉన్నవాళ్ళు ఆదివారం మన ముందే కూర్చుంటారు నాయనా. నువ్వు వాక్యం చెబుతున్నావో, వసూలుకు వచ్చావో వాళ్ళకు తెలియదు." ఆ పుస్తకంలో మా ఇంటి పేజీ కూడా ఉంది. అయిదు పేజీలూ ఆ రాత్రే పక్కన పెట్టేశాను.

ఆ రోజు నుంచి ఈ పరీక్ష వదల్లేదు. పీఠిక మాత్రమే వినిపించి, తర్వాత వచ్చే వాక్యభాగం ఏదో అడగడం. బైబిల్ బాగా తెలిసిన మనిషిని అడగాలి. వచనం సంఖ్య చెప్పక్కర్లేదు, ఆ భాగంలోని ప్రశ్న దగ్గరికి రావాలి. వేరే భాగం చెబితే, పీఠిక ఏ మాట దగ్గర పక్కదారి పట్టిందో కూడా వాళ్ళ జవాబే చూపిస్తుంది.

గురువారం, 7వ తేదీ, ప్రెస్సులో ఓవర్‌టైమ్ మానుకుని సాయంత్రం ఆరున్నరకు కొట్టు దగ్గరికి వెళ్ళాను. అలా రెండు సాయంత్రాలు మానుకున్నాను. ఈ మొత్తానికి డబ్బు ఖర్చు అంటే అదే. అన్నయ్యకు విషయం చెప్పాను. "నీ చింత ఏమిటో చెప్పు" అని అడిగితే ఆయన నవ్వి, "ఒకటా తమ్ముడూ" అని ధరలు, కరెంటు బిల్లు, ఫోనులో ఆర్డరు పెడితే పది నిమిషాల్లో ఇంటికి తెచ్చేవాళ్ళు అన్నీ వరసగా చెప్పారు. అవి అందరూ చెప్పే మాటలే. రాసుకున్నాను గాని పనికొచ్చేదేదీ కనబడలేదు. అడిగితే మనిషి చింత చెప్పలేడు, పక్కన కూర్చుంటే కనబడుతుంది.

ఏడుకు పది నిమిషాలు ఉండగా ఆయన మాట తగ్గింది. బేరాలు వదినకు అప్పగించి, క్యాలెండరు వెనక మేకుకు తగిలించిన చిన్న నోటు పుస్తకం తీశారు. పాల లెక్క. మర్నాటికి ఎన్ని ప్యాకెట్లు కావాలో సాయంత్రం ఏడు లోపల ఏజెంటుకు ఫోను చేసి చెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి ట్రేలు దిగుతాయి. దిగినవి వెనక్కి తీసుకోరు. మామూలు రోజుల్లో అరలీటరువి అరవై. కాని మర్నాడు వరలక్ష్మీ వ్రతం. ప్రతి ఇంట్లో పరమాన్నం వండుతారు. కిందటేడు ఆ రోజు ఎన్ని తెప్పించారో చూశారు. వర్షం పడుతుందా అని బయటికి వచ్చి ఆకాశం చూశారు. పక్క వీధిలో కొత్త కొట్టు పెట్టారు, వాళ్ళు ఎన్ని తెప్పిస్తారో తెలియదు. బొటనవేలు ఫోను మీద పెట్టి, నొక్కకుండా అలాగే నిలబడ్డారు. వదిన అటు తిరక్కుండానే "ఎనభై చాలు" అన్నారు. ఏడుకు ఒక నిమిషం ఉండగా ఆయన "తొంభై" అని చెప్పి ఫోను పెట్టేశారు.

ప్యాకెట్టు మీద తనకు మిగిలేది రూపాయి పావలా అట. అంటే ఒక ప్యాకెట్టు మిగిలిపోతే, ఇంచుమించు పాతిక ప్యాకెట్లు అమ్మిన లాభం దానితోనే పోతుంది. ఇదంతా ఆయన నాకు ఏడు తర్వాత చెప్పారు, చెబుతున్నంతసేపూ తొంభై గురించే. ఎనిమిదిన్నరకు నేను లేస్తుంటే కూడా "ఎనభై అయిదు చెప్పాల్సింది" అన్నారు. వదిన అన్నారు: "ఇక రాత్రంతా ఇదే. అన్నం తింటున్నా ఆ అంకే, ప్రార్థన చేస్తున్నా ఆ అంకే. రెండింటికి లేచి కూర్చుంటారు."

ఆ మాట నోటు పుస్తకంలో రాసుకున్నాను. కాని దాని విలువ రెండు వారాల దాకా నాకు తెలియలేదు.

శుక్రవారం రాత్రి మళ్ళీ వెళితే పద్నాలుగు ప్యాకెట్లు మిగిలి ఉన్నాయి. కొన్ని టీ బండి అతనికి తక్కువకు ఇచ్చారు, మిగిలినవి వదిన ఇంట్లో తోడు వేశారు. ఆ దృశ్యం నన్ను పట్టేసింది. 10వ తేదీ నుంచి 12 వరకు రెండో పీఠిక రాశాను. వ్రతం రోజు, నిండిన ఫ్రిజ్, విరిగిపోతున్న పాలు, నాలుగు రోజులు ఇంటిల్లిపాదికీ పెరుగన్నం. ఆరు నిమిషాలకు వచ్చింది. అమ్మకు వినిపించాను. ఈసారి కాస్త ఆలోచించి, "మన్నా" అంది. నిర్గమకాండం పదహారో అధ్యాయంలో, ఉదయానికని మిగుల్చుకున్న మన్నా పురుగు పట్టి కంపు కొట్టిందే, ఆ భాగం.

ఇది మొదటిదాని కంటే దగ్గరే. రేపటి కోసం దాచుకోవడం ఉంది, రోజువారీ ఆహారం ఉంది. అందుకే ఎక్కువ బాధ అనిపించింది. నేను మిగిలిపోయిన పాలను చూపించాను గనుక ఆవిడకు మిగిలిపోయిన మన్నా గుర్తుకొచ్చింది. నష్టం జరిగిపోయాక ఉండేది దిగులు, ఇంకా జరగనిదాని గురించి ఉండేది చింత. యేసు మాట్లాడుతున్నది రెండోదాని గురించి. అంటే నేను శుక్రవారం రాత్రి దగ్గర మొదలుపెట్టకూడదు, గురువారం సాయంత్రం దగ్గర మొదలుపెట్టాలి. అంతవరకు తెలిసింది. కాని తర్వాత ఏం చేయాలో తెలియలేదు.

పాస్టరు గారిని అడుగుదామంటే ఆయన ఉపవాస కూటాలకు ఊరు వెళ్ళారు, 20వ తేదీ వరకు రారు. ఆ ఎనిమిది రోజులే నాకు అన్నిటికంటే కష్టంగా గడిచాయి. ప్రసంగం మిగతా భాగం రాసుకుంటూ పోయాను గాని, మొదటి పేజీ ఖాళీగా ఉంటే తర్వాతవి ఎవరి కోసం రాస్తున్నానో తెలియలేదు. పైగా ఒక భయం పట్టుకుంది. నేను "చింతింపకుడి" అని చదవగానే అన్నయ్య మనసులో, "అయితే రేపటికి పాలు ఎవరు చెబుతారు?" అని అడుగుతాడు. అడగడం న్యాయమే. ఏడింటికి లెక్క చెప్పకపోతే పొద్దున్న కొట్టులో పాలుండవు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండా ఆయన కథ చెప్పడమంటే ఆయన కష్టాన్ని వాడుకోవడమే అనిపించింది.

21వ తేదీ, గురువారం సాయంత్రం పాస్టరు గారింటికి వెళ్ళాను. రెండు ప్రతులూ చదివారు. ఏమీ అనకుండా బైబిల్ తీసి, "25వ వచనంలో మొదటి మాట ఏమిటి?" అని అడిగారు.

"అందువలన."

"దేనివలన?"

నేను 25 నుంచి చదవమన్నారు గనుక అక్కడి నుంచే చదువుతున్నాను. పైకి చూస్తే 24వ వచనం: ఎవడును ఇద్దరు యజమానులకు దాసుడుగా ఉండలేడు, దేవునికిని సిరికిని దాసులుగా ఉండలేరు. చింత గురించిన మాటలన్నీ ఆ యజమాని మాట నుంచి పుట్టినవే. ఆ మాట కలపకుండా చదివితే ఈ భాగం దిగులుపడేవాళ్ళను బుజ్జగించడంలా వినిపిస్తుంది. కలిపి చదివితే, నువ్వు ఎవరి కింద పని చేస్తున్నావు అని అడుగుతుంది.

అప్పుడు నా నోటు పుస్తకం తీసి వదిన మాట చదివి వినిపించాను. ఆయన అన్నారు: "లెక్క చెప్పడానికి ఎంతసేపు పట్టింది?" ఒక నిమిషం అన్నాను. "మళ్ళీ ట్రేలు ఎప్పుడు దిగుతాయి?" నాలుగింటికి. "ఆ నిమిషం ఆయన పని. యేసు దాన్ని మానమనలేదు. ఏడు నుంచి నాలుగు వరకు తొమ్మిది గంటలున్నాయి చూడు, అక్కడ మాట్లాడుతున్నాడు." నేను వారం రోజులుగా భయపడుతున్న ప్రశ్నకు దారి కొట్టులోనే, వదిన మాటలోనే ఉంది. నేను పాల వైపు చూస్తూ దాన్ని చూడలేదు.

నేను ఎంతో ఇష్టపడి రాసుకున్న వాక్యం ఒకటి ఆయన కొట్టేశారు. 26వ వచనంలో పక్షులు "విత్తవు కోయవు కొట్లలో కూర్చుకొనవు" అని ఉంది కదా. మన దగ్గర కొట్టు అంటే దుకాణం. "పక్షులకు కొట్టు లేదు, నీకుంది" అని పీఠిక ముగించాను. చప్పట్లు వస్తాయనుకున్న మాట అది. కాని ఆ వచనంలో కొట్లు అంటే ధాన్యం నిలవ చేసే గదులు, గాదెలు. "మాట కలిసిందని అర్థం కలపకు. ఇంటికెళ్ళి ఎవరైనా చూసుకుంటే మిగతాది కూడా నమ్మరు" అన్నారు. ఆ వచనం దగ్గరికి వచ్చినప్పుడు కొట్లు అంటే గాదెలని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళమన్నారు. తర్వాత కొందరు పిల్లలను అడిగితే, వాళ్ళందరూ ఇన్నాళ్ళూ దాన్ని దుకాణం అనే అనుకుంటున్నారు.

శుక్రవారం రాత్రి మూడోది రాశాను. గంటన్నరలో అయిపోయింది. ఇది దాని చివరి రూపం:

"సాయంత్రం ఏడు కావస్తోంది. కొట్టు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. చేతిలో ఫోను ఉంది. అవతలి నుంచి అడుగుతున్నారు, రేపటికి ఎన్ని ప్యాకెట్లు? తక్కువ చెబితే పొద్దున్న వచ్చినవాళ్ళు పక్క కొట్టుకు పోతారు. ఎక్కువ చెబితే రేపు రాత్రి నిన్నటి తేదీ ప్యాకెట్టు ఎవరూ ముట్టుకోరు. ఒక అంకె చెప్పి ఫోను పెట్టేశారు. నిమిషం పట్టింది. పని అయిపోయింది. కాని ఆ అంకె మీతో ఇంటికి వస్తుంది. అన్నం దగ్గర మీ పక్కన కూర్చుంటుంది. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు మీ కంటే ముందు మాట్లాడుతుంది. రాత్రి రెండింటికి లేపుతుంది. కొందరికి అది పాల లెక్క. కొందరికి రుబ్బిన పిండి. కొందరికి ఆటో కిస్తీ, కొందరికి కొడుకు ఉద్యోగం. ఆ నిమిషం మీ పని మీరు చేశారు. తర్వాతి తొమ్మిది గంటలు ఎవరి పని చేస్తున్నారు? 24వ వచనం తీయండి."

అమ్మకు చదివాను. "ఇద్దరు యజమానులు" అంది వెంటనే. చివరి వాక్యం చదవకుండానే.

శనివారం సాయంత్రం కొట్టుకు వెళ్ళి, బేరాలు తగ్గాక అన్నయ్యకు, వదినకు వినిపించాను. అప్పటికి అందులో "పాలు విరిగిపోతాయి" అని ఉండేది. అన్నయ్య అక్కడే ఆపారు. "ఫ్రిజ్‌లో పాలు విరగవు తమ్ముడూ. తేదీ పాతబడుతుంది. జనం ప్యాకెట్టు తిప్పి తేదీ చూసి పక్కన పెడతారు." పైన మీరు చదివిన నిన్నటి తేదీ మాట ఆయన ఇచ్చిందే. ఆ చిన్న తప్పు ఉండిపోతే, సంఘంలో పాలు అమ్మే మిగతావాళ్ళు అక్కడే నా మాట నమ్మడం మానేసేవారు. వదిన ఇంకొకటి అడిగారు. వ్రతం రోజు, తొంభై, పద్నాలుగు, ఇవేవీ చెప్పవద్దని. ఆ అంకెలు వింటే ఏ కొట్టో అందరికీ తెలిసిపోతుంది. తీసేశాను. తీసేశాక మూడున్నర నిమిషాలైంది, ఏమీ తగ్గినట్టు అనిపించలేదు. ఇప్పుడు ఈ అంకెలు ఇక్కడ రాయడానికి మళ్ళీ విడిగా అడిగి ఒప్పించుకున్నాను.

24వ తేదీ ఉదయం వర్షం. యాభై మంది వచ్చారు. "రేపటికి ఎన్ని ప్యాకెట్లు?" అన్నప్పుడు వెనక వరసలో దోసెల పిండి అమ్మే ఆమె తల ఎత్తి చూసింది. ఆవిడ కూడా ముందు రోజే ఎన్ని కిలోలు నానబెట్టాలో తేల్చుకోవాలి. "ఎవరి పని చేస్తున్నారు?" అన్నాక గది నిశ్శబ్దంగా అయిపోయింది. ఆ నిశ్శబ్దం నేను తట్టుకోలేకపోయాను. కాగితం మీద లేని మాట ఒకటి కలిపాను. "కాబట్టి ఈ రోజు నుంచి చింత మానేద్దాం" అన్నాను. అనగానే తెలిసింది. ముందుకు వంగి వింటున్నవాళ్ళు వెనక్కి ఆనుకున్నారు. ప్రశ్నకు నేనే జవాబు చెప్పేశాక 24వ వచనం తీయాల్సిన అవసరం వాళ్ళకు ఏముంది? మళ్ళీ వాళ్ళను అక్కడికి తీసుకురావడానికి పది నిమిషాలు పట్టింది. మూడు వారాల్లో అతి పెద్ద తప్పు అదే, అది చేయడానికి మూడు సెకన్లు చాలాయి. ప్రశ్న అడిగాక బైబిల్ పేజీలు తిప్పే చప్పుడు వినబడే దాకా నోరు మూసుకోవాలని ఇప్పుడు నా కాగితం అంచున ఎర్ర సిరాతో రాసి పెట్టుకున్నాను.

ఆరాధన తర్వాత అన్నయ్య వచ్చి చేయి పట్టుకున్నారు. ఏమీ అనలేదు. వర్షం గనుక ఈ పూట అమ్మకం తక్కువని, త్వరగా వెళ్ళాలని వెళ్ళిపోయారు.

ఆయన వెనకే నాలుగు ఇళ్ళలో పాచిపని చేసుకునే అక్క ఒకామె ఆగింది. "బాగా చెప్పారు బాబూ. కాని అదంతా రేపటి గురించి. మా ఇంట్లో ఈ పూటకే లేనప్పుడు ఏ మాట చదువుకోవాలి?" అని అడిగింది. నా పీఠికలో చెప్పిన చింతల జాబితాలో ఆవిడకు చోటు లేదు. అమ్మడానికి ఏదైనా ఉన్నవాళ్ళ చింతే నేను చూశాను. ఆ అధ్యాయంలోనే పదకొండో వచనం ఉంది, "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని. ఆ మాట చెప్పాను. కాని ఆవిడ ఇంటి పొయ్యి నేనెప్పుడూ చూడలేదు. అమ్మ ఆ మధ్యాహ్నమే ఆవిడకు బియ్యం ఇచ్చి పంపింది. ఈ గురువారం సాయంత్రం మేమిద్దరం వాళ్ళింటికి వెళ్తున్నాం. నోటు పుస్తకం తీసుకెళ్ళడం లేదు.